ఆరు నెలలు 3,000 చొప్పున కట్టాను, స్టేట్‌మెంటులో 18,000 కనబడటం లేదు

పలాస_పప్పుబట్టీ

గత జనవరి నుండి ఒక ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ పథకంలో నెలకు 3,000 రూపాయల సిప్ కడుతున్నాను. ప్రతి నెలా 5వ తేదీ పెట్టుకున్నాను. ఈ మధ్య స్టేట్‌మెంటు తెప్పించుకుని, బ్యాంకు పాస్‌బుక్ పక్కన పెట్టుకుని లెక్క చూశాను. మూడు చోట్ల పొంతన కుదరడం లేదు. ముందుగా స్టేట్‌మెంటులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: తేదీ, మొత్తం, యూనిట్ ధర, కేటాయించిన యూనిట్లు.

06-01-2025, 2,999.85, 92.41, 32.462
06-02-2025, 2,999.85, 89.12, 33.661
05-03-2025, 2,999.85, 84.20, 35.628
07-04-2025, 2,999.85, 82.36, 36.424
06-05-2025, 2,999.85, 92.10, 32.572
05-06-2025, 2,999.85, 95.48, 31.419

చివరన `Closing Unit Balance` 202.166 అని ఉంది. నా సందేహాలు ఇవి. ప్రతి వాయిదాలోనూ 15 పైసలు ఎవరు తీసుకుంటున్నారు? నేను 5వ తేదీ అని రాసి ఇస్తే ఆరింటిలో నాలుగు తేదీలు ఎందుకు మారాయి? ఆరు ధరలనూ కూడి ఆరుతో భాగిస్తే సగటు 89.28 వస్తున్నది, అదే యాప్‌లో చూస్తే సగటు ధర 89.03 అని ఉంది. ఏది సరైనది?

గంటస్తంభం_గల్లీ

ఆ 15 పైసలు ఏజెంటు కమిషన్. మీరు ఎవరి ద్వారా మొదలుపెట్టారో వారికి వెళుతుంది. ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్‌కు మారితే అది ఉండదు.

పలాస_పప్పుబట్టీ

నెలకు 15 పైసల కమిషన్ కోసం మా ఏజెంటు గారు రెండుసార్లు శ్రీకాకుళం నుండి మా బట్టీ దాకా వచ్చారంటే నమ్మశక్యంగా లేదండీ. బస్సు చార్జీ కూడా రాదు.

రాజాం_మాస్టారు

అది కమిషన్ కాదు, స్టాంపు డ్యూటీ. 2020 జూలై 1 నుండి మ్యూచువల్ ఫండ్ యూనిట్లు కొన్న ప్రతిసారీ నూటికి 0.005 చొప్పున వసూలు చేస్తున్నారు. లక్ష రూపాయలకు అయిదు రూపాయలు, మూడు వేలకు 15 పైసలు. డైరెక్ట్ ప్లాన్‌లో కొన్నా ఇది తప్పదు. సిప్ అంతకు ముందే మొదలుపెట్టినవారికి కూడా ఆ తేదీ తరువాతి వాయిదాలకు పడుతుంది. అమ్మినప్పుడు మాత్రం పడదు. మీ స్టేట్‌మెంటులో ప్రతి వాయిదా వరుస కిందా `*** Stamp Duty ***` అని 0.15 తో మరొక చిన్న వరుస ఉండి ఉండాలి. మీరు అవి వదిలేసి రాసినట్టున్నారు.

కాబట్టి యూనిట్లు లెక్కకట్టేది 3,000 మీద కాదు, 2,999.85 మీద. జనవరి వరుసను చేత్తో చేసి చూడండి. 2,999.85 ను 92.41 తో భాగిస్తే 32.4624 వస్తుంది. యూనిట్లను మూడు దశాంశ స్థానాలకు సవరిస్తారు కనుక 32.462 అని వేశారు. అదే తిరగేసి 32.462 ను 92.41 తో గుణిస్తే 2,999.81 వస్తుంది. ఆ నాలుగు పైసలు పోయాయని కంగారు పడకండి, అది సవరణ వల్ల వచ్చే తేడా. ఈ ధరల దగ్గర ఆ తేడా అయిదు పైసలు దాటదు. దాటిందంటే మాత్రం ఆ వరుసను మళ్ళీ చూడవలసిందే.

పలాస_పప్పుబట్టీ

చూశాను మాస్టారూ, ఉన్నాయి. ప్రతి వాయిదా కిందా ఆ వరుస ఉంది. యూనిట్ల గడి ఖాళీగా ఉండటంతో ఏదో శీర్షిక అనుకుని దాటేశాను.

గంటస్తంభం_గల్లీ

స్టాంపు డ్యూటీ సంగతి ఒప్పుకుంటాను. అయితే ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్‌లో కమిషన్ అసలే లేదని మాస్టారు గారు అంటున్నారా?

రాజాం_మాస్టారు

లేదని అనలేదు. అది మీ వాయిదా సొమ్ములో నుండి కోయరు, అందువల్ల స్టేట్‌మెంటు వరుసల్లో ఎక్కడా కనబడదు అంటున్నాను. పథకం ఖర్చులన్నీ, ఏజెంటుకిచ్చే కమిషన్‌తో సహా, ఏ రోజుకారోజు పథకం ఆస్తిలోంచే మినహాయించి ఆ తరువాతే ఎన్‌ఏవీ, అంటే యూనిట్ ధర, ప్రకటిస్తారు. ఒకే పథకంలో డైరెక్ట్ ధర ఒకటి, రెగ్యులర్ ధర ఒకటి ఉండటానికి కారణం అదే. పలాస వారు 92.41 అని రాసిన ధరలో అది ముందే కలిసిపోయి ఉంది. కనుక కమిషన్ ఉంది అన్న మీ మాట నిజం, అది ఆ 15 పైసలు అన్నది నిజం కాదు.

అరసవల్లి_రోడ్డు

తేదీల సంగతి నేను చెబుతాను. 2025 జనవరి 5 ఆదివారం, ఏప్రిల్ 5 శనివారం. మార్కెట్ పని చేయని రోజున వాయిదా తేదీ పడితే తరువాతి పనిదినానికి జరుపుతారు. అందుకే 6, 7 వచ్చాయి. ఫిబ్రవరి 5 బుధవారం, మే 5 సోమవారం. ఆ రెండింటికీ సెలవు కారణం కాదు. ఆ నెలల్లో పాస్‌బుక్‌లో ఏ తేదీన డబ్బు తగ్గింది?

పలాస_పప్పుబట్టీ

ఫిబ్రవరిలోనూ మేలోనూ పాస్‌బుక్‌లో 5వ తేదీ అనే ఉంది. మార్చిలోనూ జూన్‌లోనూ కూడా 5నే తగ్గింది, ఆ రెండు నెలలకు స్టేట్‌మెంటులోనూ 5 అనే ఉంది. నాకు అర్థం కానిది అదే.

రాజాం_మాస్టారు

మీ ఖాతాలోంచి డబ్బు వెళ్ళిన తేదీ వేరు, ఆ డబ్బు ఫండ్ వారి ఖాతాకు చేరిన తేదీ వేరు. 2021 ఫిబ్రవరి 1 నుండి ఉన్న నియమం ప్రకారం ఎంత చిన్న మొత్తమైనా సరే, డబ్బు ఫండ్ చేతికి వాడుకోదగినట్టుగా అందిన రోజు ధరే వర్తిస్తుంది. ఈక్విటీ పథకాలకు మధ్యాహ్నం మూడు గంటలు గడువు. మూడు లోపల అందితే ఆ రోజు ఎన్‌ఏవీ, దాటితే తరువాతి పనిదినం ఎన్‌ఏవీ. మార్చిలో మీ సొమ్ము మూడింటి లోపల చేరి ఉంటుంది, ఫిబ్రవరిలో చేరి ఉండదు. పాస్‌బుక్‌లో గంటలు, నిమిషాలు ఉండవు కనుక రెండూ 5వ తేదీ అనే కనబడతాయి.

అందుచేత స్టేట్‌మెంటులో ఉన్న తేదీని పట్టుకుని, ఆ తేదీకి ఫండ్ వారు ప్రకటించిన ఎన్‌ఏవీతో పోల్చుకోవాలి. పాస్‌బుక్ తేదీ ధరతో పోలిస్తే తేదీ మారిన నెలల్లో తేడానే కనబడుతుంది. పాత తేదీల ధరలు ఫండ్ సంస్థల సంఘమైన ఆంఫీ వెబ్‌సైట్‌లో పథకం పేరు, తేదీ ఇస్తే దొరుకుతాయి. డైరెక్ట్‌లో రెండు, రెగ్యులర్‌లో రెండు, అంటే లాభాన్ని పథకంలోనే ఉంచే గ్రోత్, అప్పుడప్పుడు పంచే ఐడీసీడబ్ల్యూ, మొత్తం నాలుగు రకాలు వరుసగా వస్తాయి. స్టేట్‌మెంటులో పథకం పేరు చివరన ఏది రాసి ఉందో సరిగ్గా అదే చూడాలి.

బొబ్బిలి_వీణ

నాది ఇంకో రకం తేడా. నెలకు 2,000 చొప్పున ఏడాది కట్టాను కనుక 24,000 అనుకున్నాను. స్టేట్‌మెంటులో వాయిదాలన్నీ కూడితే 22,000 కూడా రావడం లేదు, ఒక రూపాయి పది పైసలు తక్కువ.

అరసవల్లి_రోడ్డు

వరుసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారా అమ్మా?

బొబ్బిలి_వీణ

ఇప్పుడు లెక్కపెట్టాను, పదకొండే ఉన్నాయి. ఆగస్టు లేదు. పాస్‌బుక్ తీసి చూస్తే ఆ నెల ఖాతాలో 1,400 మాత్రమే ఉన్నాయి. పైగా వాయిదా తిరిగి వెళ్ళినందుకు బ్యాంకు వారు అపరాధ రుసుము కోశారు. ఆ రుసుము మాట స్టేట్‌మెంటులో ఎక్కడా లేదు.

రాజాం_మాస్టారు

ఉండదమ్మా. అది మీకూ బ్యాంకుకూ మధ్య వ్యవహారం, ఫండ్‌కు సంబంధం లేదు. మీ రూపాయి పది పైసలకు లెక్క కూడా ఇక్కడే తేలిపోయింది. 2,000 కు స్టాంపు డ్యూటీ 10 పైసలు, పదకొండు వాయిదాలకు 1.10. 22,000 లోంచి అది తీస్తే 21,998.90.

నా దగ్గర 2019 నాటి స్టేట్‌మెంటు ఒకటి ఉంది. అప్పట్లో డబ్బు చేరకముందే యూనిట్లు వేసేవారు. వాయిదా చెల్లకపోతే తరువాత మరొక వరుసలో అవే యూనిట్లను బ్రాకెట్లలో పెట్టి వెనక్కి తీసుకునేవారు. అటువంటి పాత స్టేట్‌మెంటు చదివేటప్పుడు ఆ రెండు వరుసలనూ కలిపి సున్నాగా చూడాలి. పైదాన్ని మాత్రమే కూడేస్తే కట్టని సొమ్ము కట్టినట్టు లెక్కలోకి వస్తుంది.

పలాస_పప్పుబట్టీ

నా మూడో ప్రశ్న మిగిలిపోయింది. సగటు 89.28 ఆ, 89.03 ఆ?

గంటస్తంభం_గల్లీ

రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి కదండీ. పావలా తేడా కోసం ఇంత చర్చ దేనికి?

అరసవల్లి_రోడ్డు

ఆరు నెలలకు పావలా తేడా వచ్చింది. ధరలు బాగా ఎగిరి పడే పథకంలో ఇంకా ఎక్కువ వస్తుంది, ఆ లెక్క తెలిసి ఉండటం మంచిదే. పలాస వారికి వారి వ్యాపారంతోనే చెబుతాను. జీడిపప్పు కిలో 800 ఉన్న రోజున మీరు 4,000 పెట్టి అయిదు కిలోలు తీసుకున్నారు. ధర 1,000 అయిన రోజున మళ్ళీ 4,000 పెట్టి నాలుగు కిలోలు తీసుకున్నారు. మీకు కిలో ఎంతకు పడినట్టు? 900 అంటారా?

పలాస_పప్పుబట్టీ

ఎందుకంటాను? 8,000 కు తొమ్మిది కిలోలు, 889 పడినట్టు. చవకగా ఉన్న రోజు సరుకు ఎక్కువ వచ్చింది కదా.

అర్థమైంది. ఏప్రిల్‌లో 82.36 కు 36 యూనిట్లు వచ్చాయి, జూన్‌లో 95.48 కు 31 వచ్చాయి. ధరలను మాత్రమే కూడి ఆరుతో భాగిస్తే రెండు నెలలకూ ఒకే బరువు ఇచ్చినట్టు అవుతుంది. మొత్తం 17,999.10 ను 202.166 తో భాగించి చూశాను, 89.03 వచ్చింది. యాప్ చెప్పింది నిజమే.

నరసన్నపేట_నేత

అయితే ఒక మాట అడుగుతాను. పలాస వారికి ఏప్రిల్‌లో 36 యూనిట్లు వస్తే జూన్‌కు వచ్చేసరికి 31 కి తగ్గిపోయాయి. అంటే ప్రతి నెలా నష్టపోతున్నట్టే కదా? నాకూ ఇలాగే తగ్గుతున్నాయని వాయిదా ఆపేద్దామనుకుంటున్నాను.

రాజాం_మాస్టారు

తగ్గినది ఆ నెలలో కొత్తగా వచ్చిన యూనిట్ల సంఖ్య. చేతిలో ఉన్న మొత్తం యూనిట్లు తగ్గలేదు. `Unit Balance` గడిలో పైనుండి కిందికి చూడండి. ధర పెరిగినందువల్ల జూన్‌లో తక్కువ వచ్చాయి. అదే పెరుగుదల వల్ల పాత 170 యూనిట్ల విలువ కూడా పెరిగింది.

నరసన్నపేట_నేత

చూశాను మాస్టారూ. నా స్టేట్‌మెంటులో ఆ గడి కూడా ఒకచోట తగ్గింది. ఇంకొక సంగతి, నేను ఇప్పటిదాకా 60,000 కట్టాను, లోపల `Total Cost Value` దగ్గర మాత్రం 41,000 పైచిలుకు ఉంది. మిగతాది ఎక్కడికి పోయింది?

అరసవల్లి_రోడ్డు

మధ్యలో ఎప్పుడైనా కొంత తీశారా?

నరసన్నపేట_నేత

పాప హాస్టల్ ఫీజుకు ఒకసారి 25,000 తీశాను. 60 లోంచి 25 పోతే 35 ఉండాలి కదా. 41 ఎలా వచ్చింది?

రాజాం_మాస్టారు

మీరు తీసిన 25,000 అప్పటి మార్కెట్ ధర లెక్కన వచ్చిన సొమ్ము. స్టేట్‌మెంటు తీసేసింది ఆ యూనిట్లను మీరు కొన్న ఖరీదు. కొన్నప్పుడు అవి మీకు సుమారు 19,000 కే పడి ఉంటాయి. ముందు కొన్నవి ముందు అమ్మినట్టుగా లెక్కిస్తారు కనుక మీ మొదటి వాయిదాలు పోయాయి.

పలాస వారి లెక్కతోనే చూపిస్తాను. వారు రేపు 50 యూనిట్లు అమ్మితే జనవరివి 32.462 మొత్తం పోతాయి, మిగిలిన 17.538 ఫిబ్రవరి వాటిలోంచి పోతాయి. ఆ రెండింటి కొన్న ధర 2,999.85, 1,562.99. మిగిలినదాని ఖరీదు 13,436.26 అని చూపిస్తుంది. ఏ ధరకు అమ్మారు, చేతికి ఎంత వచ్చింది అన్నదానితో ఈ అంకెకు సంబంధం లేదు. ఇప్పుడు చేతిలో మిగిలి ఉన్న యూనిట్లకు పెట్టిన ఖర్చు మాత్రమే అది. యాప్‌లలో పెట్టుబడి అని చూపించే అంకె కూడా చాలాచోట్ల ఇదే. మొదటి నుండీ జేబులోంచి మొత్తం ఎంత పెట్టానన్నది కావాలంటే కొన్న వరుసలను, వాటి కింది స్టాంపు డ్యూటీతో సహా, మీరే కూడుకోవాలి.

నరసన్నపేట_నేత

అంటే డబ్బు పోలేదు, నాకు ఆరు వేల లాభం వచ్చింది, ఆ సంగతి నాకే తెలియదు. మా ఆవిడకు చెప్పాలా వద్దా అన్నది ఇప్పుడు కొత్త సమస్య.

గంటస్తంభం_గల్లీ

చెప్పకండి. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం చెప్పండి.

బొబ్బిలి_వీణ

నాకు మెయిల్‌లో నెలనెలా వేరే స్టేట్‌మెంటు ఒకటి వస్తుంది. అందులో ఒకే ఒక్క వాయిదా ఉంటుంది, కాని చివరి యూనిట్లు మాత్రం వందల్లో ఉంటాయి. దానితో ఈ లెక్కలేవీ చేయడం కుదరడం లేదు.

అరసవల్లి_రోడ్డు

అది ఆ నెలకు మాత్రమే సంబంధించినది. పైన `Opening Unit Balance` అని ఒక అంకె ఉంటుంది, అంతకు ముందు నెలలవన్నీ అందులోనే మూటగట్టి ఉంటాయి. పలాస వారికి జూన్ నెల స్టేట్‌మెంటు వస్తే ఆరంభంలో 170.747 అని, ఒక వాయిదాకు 31.419 అని, చివర 202.166 అని ఉంటుంది. మొదటి నుండీ కావాలంటే ఫండ్ల ఖాతా లెక్కలు చూసే రిజిస్ట్రార్లు కామ్స్ లేదా కేఫిన్‌టెక్ వెబ్‌సైట్‌లో వివరమైన స్టేట్‌మెంటు అడగాలి. అక్కడ కాలవ్యవధి అడుగుతుంది. మొదటి వాయిదా కంటే ముందరి తేదీ ఇవ్వండి. ఆరంభ యూనిట్లు సున్నా అని వచ్చిందా లేదా అన్నది ముందు చూసుకుని, ఆ తరువాతే కూడిక మొదలుపెట్టండి. సున్నా కాకపోతే ఎంత కూడినా మొత్తం పెట్టుబడి రాదు.

బొబ్బిలి_వీణ

పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది. నెలనెలా వచ్చేదానికి పాన్ కొడితే తెరుచుకుంటోంది, దీనికీ అదేనా?

అరసవల్లి_రోడ్డు

కాదమ్మా. డిపాజిటరీ వారు నెలనెలా పంపేదానికి పాన్ పెద్ద అక్షరాలలో కొట్టాలి. కామ్స్ దగ్గర అడిగేటప్పుడు పాస్‌వర్డ్ మీరే పెట్టుకుంటారు, అదే గుర్తుంచుకోవాలి.

పలాస_పప్పుబట్టీ

ఇక నా పుస్తకంలో పెట్టుబడి ఎంత అని రాసుకోవాలి? 18,000 ఆ, 17,999.10 ఆ?

గంటస్తంభం_గల్లీ

18,000. మీ ఖాతాలోంచి పోయింది అదే కదా. మిగతాదంతా కాగితం లెక్క.

రాజాం_మాస్టారు

ఈసారి గల్లీ గారితో ఏకీభవిస్తున్నాను. లాభం ఎంత అని మీకోసం చూసుకునేటప్పుడు జేబులోంచి పోయినదే లెక్క. జూన్ 30 నాటి ధర 96.10 అనుకుంటే మీ 202.166 యూనిట్ల విలువ 19,428.15, లాభం 1,428.15. స్టేట్‌మెంటుతో వరుస వరుసా సరిచూసేటప్పుడు మాత్రం 17,999.10 వాడండి, లేకపోతే యూనిట్లు కుదరవు.

అరసవల్లి_రోడ్డు

నేను ఒప్పుకోను. రెండు పుస్తకాలు ఎందుకు? స్టేట్‌మెంటు అంకె ఒక్కటే రాసుకుని, స్టాంపు డ్యూటీని ఖర్చుగా విడిగా రాసుకుంటే సరిపోతుంది.

రాజాం_మాస్టారు

తొంభై పైసల ఖర్చుకు విడిగా పద్దు రాసే ఓపిక ఉన్నవారు రాసుకోవచ్చు.

కోట_కందకం

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. తేదీల దగ్గర నాకొక ఫిర్యాదు ఉంది. నాదీ 5వ తేదీయే, పలాస వారి ధరలు చూస్తే పథకం కూడా అదే అయి ఉండాలి. ఏప్రిల్ 7 సోమవారం మార్కెట్ కుప్పకూలిన రోజు. ఆ రోజే నా ఖాతాలోంచి డబ్బు తగ్గింది, స్టేట్‌మెంటులో మాత్రం 8వ తేదీ, ధర 83.60 అని ఉంది. నాకు 35.883 యూనిట్లు వచ్చాయి, పలాస వారికి 36.424. అర యూనిట్ పోయింది, సుమారు 45 రూపాయలు. తప్పు నా బ్యాంకుదా, ఫండ్‌దా?

రాజాం_మాస్టారు

స్టేట్‌మెంటు చూసి అది చెప్పలేము. డబ్బు ఫండ్ ఖాతాలో ఎన్ని గంటలకు పడిందన్నది అందులో ఉండదు. రిజిస్ట్రారుకు ఫోలియో నంబరు, తేదీ ఇచ్చి, డబ్బు అందిన సమయం ఎంత అని మెయిల్‌లో అడగండి. మూడు దాటాక అందిందని వారు చెబితే 8వ తేదీ ధర నియమం ప్రకారమే వేశారు. ఇక అడగవలసింది బ్యాంకును.

అరసవల్లి_రోడ్డు

ఒక నెల పోతుంది, ఇంకో నెల వస్తుంది. పలాస వారికి మే నెలలో ఒకరోజు ఆలస్యమైంది, ఆ రోజు ధర తగ్గి ఉంటే వారికే లాభం. ఏళ్ళ మీద చూస్తే సరిపోతుంది.

కోట_కందకం

సరిపోతుందని మీరు అంటున్నారు, చూపించలేదు. నా బ్యాంకు ఎప్పుడూ ఒకరోజు వెనకే ఉంటోంది, పన్నెండు వరుసల్లోనూ తేదీ మరుసటి రోజే. మార్కెట్ పెరుగుతూ పోయే కాలంలో అది ఎప్పుడూ ఒకవైపే కోస్తుంది కదా. రిజిస్ట్రారుకు ఈ రోజే మెయిల్ పెడుతున్నాను, జవాబు వస్తే ఇక్కడ పెడతాను.

పలాస_పప్పుబట్టీ

మీ బ్యాంకు పేరు ఇక్కడ రాయకపోయినా పర్వాలేదు గాని, డబ్బు తగ్గినట్టు ఎస్ఎంఎస్ ఎన్ని గంటలకు వచ్చిందో చూసి చెప్పండి. నాకు మార్చి 5న ఉదయం 9:40 కి వచ్చింది, ఫిబ్రవరి 5న సాయంత్రం వచ్చింది. పాస్‌బుక్‌లో లేనిది ఫోన్‌లో దొరికింది.